తడవని దారం

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. అది గుర్తింపు కార్డు మీదే ఉండిపోయింది. కుట్టుకొట్టుకు వచ్చేవాళ్ళందరికీ ఆమె బొత్తాలక్క. ఇరవై రెండేళ్ళుగా అదే కొట్టు, అదే కిటికీ, అదే ముక్కాలిపీట. బట్ట కత్తిరించేది మాస్టారు, మిషన్ల మీద కుట్టేది ఇద్దరు మనుషులు. చేత్తో చేయాల్సిన పని ఏదైనా, అది బొత్తాం కానీ కాజా కానీ అంచు మడత కానీ కొక్కెం కానీ, చివరికి వచ్చి బొత్తాలక్క ఒళ్ళో పడాల్సిందే.

ఆమె పని చేతులతో కాదు, నోటితో మొదలవుతుంది. దారం కొసను పెదవుల మధ్య ఒకసారి లాగి తడిపి, మునివేళ్ళతో నలిపి, సన్నం చేసి, సూది బెజ్జంలోకి పంపాలి. నాలుగైదు గుండుసూదులు ఎప్పుడూ పెదవుల మధ్య పట్టుకుని ఉండాలి. కుట్టు ముగిశాక దారాన్ని పంటితో తెంపాలి. పక్కనే కత్తెర ఉన్నా దాని మొహం చూసేది కాదు.

"కత్తెర వెతుక్కునే లోపు ఇంకో బొత్తాం కుట్టేస్తాను" అనేది. గొప్పలు పోవడం కాదు, నిజంగానే కుట్టేసేది. దారం ఒరిసి ఒరిసి ఆమె ముందు పన్ను కొసన చిన్న గాడి పడింది. ఆ గాడిని మెడల్లా చూపించుకునేది.

అలాంటి మనిషికి నలభై నాలుగో ఏట ఒకరోజు దారం తడవలేదు. పెదవుల మధ్య లాగితే పొడిగానే బయటికి వచ్చింది, కొస చీలి రెండుగా నిలబడింది. మళ్ళీ లాగింది. ఊహూఁ. నాలుక మీద పెట్టి రుద్దితే దారపు నూగు నాలుకకే అంటుకుంది. మాస్టారు కత్తెర ఆపి చూశాడు.

"ఏం బొత్తాలక్కా, సూది బెజ్జం మూసుకుపోయిందా?"

"బెజ్జం బాగానే ఉంది మాస్టారూ. నా నోరే ఎండిపోయింది."

"పొద్దుటి నుంచి ఆ నోటికి విరామం ఇస్తేనా, ఎండకుండా ఉండడానికి?"

కొట్టంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. మంచినీళ్ళు తాగి పనిలో పడింది. అందులో విచారించేంత సంగతి ఏముందని ఎవరికీ తోచలేదు, ఆమెకూ తోచలేదు.

నెల తిరిగేసరికి నీళ్ళ సీసా లేకుండా పీట మీద కూర్చోలేని స్థితికి వచ్చింది. నీళ్ళతో ఒక చిక్కు ఏమిటంటే, తాగిన రెండు నిమిషాలకు నోరు మళ్ళీ మొదటికే వస్తుంది. పైగా తడిచేత్తో సీసా పట్టుకుని పెళ్ళికూతురి బట్టల మీద వంగితే మాస్టారు ఊరుకోడు. అప్పుడు ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. నిమ్మపులుపు బిళ్ళ ఒకటి బుగ్గన పెట్టుకుంటే ఆ పులుపుకు నోట్లో ఎక్కడో కాస్త ఊరుతుంది, దారానికి సరిపోతుంది. బొత్తాల సొరుగులో ఒక మూల బిళ్ళల డబ్బా వెలిసింది. ఎడమ బుగ్గన ఒకటి అరిగే లోపు కుడి బుగ్గన ఇంకొకటి. పొద్దున్న తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా అదే వరస. కుట్టుపని చేసేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాదు ఈ ఆలోచన. పళ్ళ సంగతి మాత్రం ఆ ఆలోచనలో లేదు.

గొంతు తర్వాత మొదలైంది. మింగుతుంటే గీరుకున్నట్టు నొప్పి, మాట్లాడుతుంటే బొంగురు. గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెంచాలాంటిది నాలుక మీద పెట్టి లోపలికి టార్చి కొట్టి, ఎర్రగా ఉందన్నాడు. అయిదు రోజులకు మాత్రలు రాశాడు. తగ్గలేదు. వేరే మాత్రలు రాశాడు. పత్తినూగు పడక గొంతు పాడయిందన్నాడు, జలుబు మాత్ర రోజూ ఒకటి వేసుకోమన్నాడు. ఆ జలుబు మాత్ర ఉన్న కాస్త తడినీ ఆరబెట్టేస్తుందని అప్పుడు ఆమెకు తెలియదు. రెండేళ్ళలో ఏడుసార్లు ఆ గుమ్మం ఎక్కి దిగింది.

కళ్ళు ఇంకో కథ. ఇసుక పడ్డట్టు గరగరలాడేవి. పొద్దున్నే రెప్పలు విప్పాలంటే వేళ్ళు కావాలి. కళ్ళ డాక్టరు తక్కువ మాటల మనిషి. కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క తగిలించి, అయిదు నిమిషాలు కళ్ళు మూసుకోమన్నాడు. తర్వాత ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. పదికి పైగా తడవాల్సింది, కన్నీళ్ళకు తడిసింది నాలుగు మిల్లీమీటర్లే. చుక్కల మందు ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. ఇంకో చిన్న చీటీ మీద ఏదో గీకి, "ఇది కూడా చూసుకోండి" అన్నాడు. ఆమె రెండూ సంచిలో వేసుకుంది. మొదటి కాగితం మందుల కొట్టుకు వెళ్ళింది. రెండో చీటీ ఎక్కడికి వెళ్ళిందో ఆమె మరిచిపోయింది. మనం మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

ఇక వేళ్ళ కణుపులు పొద్దున పూట పట్టేసేవి. అది వయసు అని ఇంట్లో అందరూ తేల్చేశారు. సాయంత్రానికి ఒళ్ళు పిండేసినట్టు అయ్యేది. అది పని ఎక్కువై అన్నారు. గొంతు ఒక డాక్టరుది, కళ్ళు ఇంకొకరివి, కీళ్ళు వయసువి, అలసట కొట్టుది. ఇలా ఆమెను ముక్కలుగా కత్తిరించి తలా ఒకటి పంచుకున్నారే గానీ, ముక్కలు కలిపి కుట్టేవాళ్ళు లేకపోయారు.

పళ్ళు అప్పుడు రంగంలోకి దిగాయి. ఒకరోజు రొట్టె ముక్క కొరుకుతుంటే పక్కపన్ను చిగురు దగ్గర పెళుక్కుమంది. పళ్ళ డాక్టరు, ఆ వీధిలో అందరూ పెద్ద డాక్టరు అనే ఆయన, దాన్ని పూడ్చాడు. ఆరు నెలలు తిరిగేసరికి ఆ పూడిక ఊడింది, దాని పక్కనే ఇంకో మూడు పళ్ళు గోధుమ రంగుకు తిరిగాయి. మళ్ళీ పూడిక. మళ్ళీ ఊడటం. ఏడాదిలో పందొమ్మిది పళ్ళకు పిప్పి పట్టింది. పెద్ద డాక్టరు ముందు పంటి గాడి చూశాడు, బుగ్గలోని నిమ్మబిళ్ళ చూశాడు, ఇక వేరే కారణం కోసం వెతకలేదు.

"పంటితో దారం కొరకడం, రోజంతా చక్కెర చప్పరించడం. పళ్ళు ఇంకెన్నాళ్ళు ఆగుతాయమ్మా" అన్నాడు. పద్ధతైన మనిషే. కోప్పడలేదు. "ఒక్కొక్కటీ పూడుస్తూ కూర్చుంటే నీకూ నాకూ తల ప్రాణం తోకకొస్తుంది. అన్నీ తీసేసి కట్టుడు పళ్ళు పెట్టేద్దాం."

ఇంట్లో ఆ మాట చెప్పగానే భర్త మొహం వెలిగింది. ఆయన లిఫ్టుల మెకానిక్కు. పాడైన భాగాన్ని విప్పి పారేసి కొత్తది బిగించడంలో ఆయనకు అపారమైన నమ్మకం.

"చేయించేసుకోవే. మా అమ్మ పెట్టుకోలేదూ? పన్నెండేళ్ళయింది, గట్టి వక్కలు కూడా నమిలేస్తుంది."

అత్తగారు పక్కగదిలోంచి తన కట్టుడు పళ్ళు టకటకలాడించి ఆ మాటను బలపరిచింది.

బొత్తాలక్కకు భయంగా ఉంది. నొప్పికి కాదు. కట్టుడు పళ్ళతో దారం తెగుతుందా, గుండుసూదులు పట్టు నిలుస్తాయా అని. నవ్వితే నలుగురూ ఏమనుకుంటారన్నది కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. నలభై ఆరేళ్ళకే బోసినోరు. అద్దం ముందు పెదవులు లోపలికి ముడిచి ఒకసారి చూసుకుంది. తన తల్లి చివరి రోజుల్లో ఎలా ఉండేదో అచ్చం అలా కనిపించింది. గబుక్కున అద్దం తిప్పేసింది.

పై వరస పీకడానికి గురువారం ఖాయమైంది. మాస్టారు వారం రోజులు సెలవిచ్చాడు.

గురువారం ఆమె కుర్చీలో పడుకునేసరికి ఎదురుగా పెద్ద డాక్టరు లేడు. ఆయనకు నడుం పట్టేసి ఇంట్లో ఉన్నాడు. బదులుగా ఆయన కూతురు వచ్చింది, చిన్న డాక్టరమ్మ. చదువు ముగించి నాలుగు నెలలైంది. చేతి తొడుగులు వేసుకుంటూ, "పీకడానికి ముందు ఒక్కసారి చూస్తాను అక్కా, నోరు తెరవండి" అంది.

చిన్న అద్దం బుగ్గ లోపల పెట్టి పక్కకు జరపబోతే అది జరగలేదు. బుగ్గకు అంటుకుపోయింది. మెల్లగా లాగితే, బంక పూసిన కాగితం ఊడినట్టు ఊడి వచ్చింది. నాలుక ఎర్రగా, నున్నగా ఉంది, నడిమధ్యన పగుళ్ళున్నాయి. నోటి మూలలు చీలాయి. నాలుక కింద సాధారణంగా నీటి మడుగు ఉండాల్సిన చోట తడి లేదు. చిన్న డాక్టరమ్మ అద్దం పళ్ళెంలో పెట్టింది. సిరంజి వైపు చూసి, దాన్ని కూడా పక్కకు జరిపింది.

"అక్కా, నీళ్ళు లేకుండా బిస్కెట్టు తినగలరా?"

"బిస్కెట్టా? నీళ్ళు లేకుండా నా ఉమ్మే మింగలేను, అదీ ఉంటే గదా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళు దాటింది."

"కళ్ళు?"

"కళ్ళకేం, ఇసుక పోసినట్టు ఉంటాయి. పళ్ళ డాక్టరుకు కళ్ళతో ఏం పని తల్లీ?"

చిన్న డాక్టరమ్మ ఆమె చెవుల కింద, దవడ మలుపు దగ్గర వేళ్ళతో తడిమింది. ఎడమవైపు కాస్త ఉబ్బుగా ఉంది. కీళ్ళ గురించి అడిగింది, ఏ మాత్రలు వాడుతున్నారో అడిగింది. జలుబు మాత్ర పేరు వినగానే పెదవి విరిచింది.

"ఈరోజు పీకను" అంది.

బొత్తాలక్కకు ఒళ్ళు మండింది. గుండె రాయి చేసుకుని వచ్చిందామె. తిండి మానేసి, ఇంట్లో దణ్ణం పెట్టుకుని, వారం సెలవు పెట్టి వచ్చింది. "పీకమని మీ నాన్నగారే చెప్పారు కదమ్మా. ఆయన కంటే నీకు ఎక్కువ తెలుసా?"

"నాన్నకు పళ్ళు నా కంటే ఎక్కువ తెలుసు. కానీ ఆయన చూసింది పిప్పిని. అది ఎక్కడ పట్టిందో చూడండి." చేతి అద్దం ఆమెకిచ్చింది. "తీపి తిని పాడైన పళ్ళయితే ముందు నమిలే గుంటల్లో, పళ్ళ సందుల్లో పడుతుంది. మీకు చిగురు అంచున, పంటి మెడ చుట్టూ తిరిగి ఉంది. ముందు పళ్ళ కొసల మీద కూడా ఉంది. ఉమ్మి ఎప్పుడూ కడుగుతూ ఉండాల్సిన చోట్లవి. అక్కడ పిప్పి పట్టిందంటే కడిగే నీళ్ళే ఆగిపోయాయి. నిమ్మబిళ్ళ ఆ ఎండిన పంటి మీద చక్కెరా పులుపూ రెండూ పూసింది. తప్పు బిళ్ళదే, కాదనను. బిళ్ళ ఎందుకు కావాల్సి వచ్చిందన్నది అసలు ప్రశ్న."

"అయితే ఏంటి? పళ్ళే లేకపోతే పిప్పే ఉండదు కదా."

"మీ అత్తగారి కట్టుడు పళ్ళు పైన దేనితో అంటుకుని ఉంటాయి అనుకున్నారు?"

బొత్తాలక్క ఆలోచించింది. "బంకతో?"

"ఉమ్మితో. అంగిలికీ కట్టుకీ మధ్య పల్చటి తడి పొర ఉండాలి. మీకు అది లేదు. పెట్టిన కట్టు నిలవదు, ఒరుసుకుని పుండ్లు పడతాయి. అప్పుడు అసలు పళ్ళూ ఉండవు, పెట్టుడు పళ్ళూ ఉండవు."

బొత్తాలక్క కుర్చీ చేతిని పట్టుకుని లేచి కూర్చుంది.

తర్వాత పదిహేను నిమిషాలు ఒక విచిత్రమైన పరీక్ష జరిగింది. గీతలున్న చిన్న గొట్టం చేతికిచ్చి, తల వంచుకుని, నమలకుండా, మాట్లాడకుండా, నోట్లో ఊరింది ఊరినట్టు అందులోకి జారవిడవమంది. బొత్తాలక్క జీవితంలో పావుగంట మాట్లాడకుండా కూర్చున్నది అదే మొదటిసారి. గోడ గడియారం కదిలింది, గొట్టం మాత్రం కదలనట్టే ఉంది. గడువు ముగిశాక ఇద్దరూ వెలుతురులో పెట్టి చూశారు. అర మిల్లీలీటరు కూడా లేదు. అదీ నురగ.

"ఒకటిన్నర కంటే తక్కువైతే అనుమానించాలి" అంది చిన్న డాక్టరమ్మ. "మూడు నెలలకు మించి రోజూ నోరు ఎండుతుంటే, దానికి తోడు కళ్ళు గరగరలాడినా, చిగురు అంచున కొత్త పిప్పి వస్తున్నా, చెవి కింద వాచినా ఆగకూడదు, పరీక్ష చేయించాలి. మీకు అన్నీ ఉన్నాయి. పన్ను పీకడం ఎప్పుడైనా పీకొచ్చు అక్కా. పీకాక పరీక్షలో ఏం తేలినా దాన్ని మళ్ళీ పెట్టలేం."

నోటి పూతకు మందిచ్చింది, ఎండిన నోట్లో చేరే బూజు అదంట. జలుబు మాత్రలు గొంతు డాక్టరుకు చెప్పి మానిపించింది. కీళ్ళ డాక్టరుకు ఉత్తరం రాసింది. రాసి ఊరుకోలేదు. ఆ ఉత్తరంలో ఏముందో వాక్యం వాక్యం చదివి వినిపించి, వెళ్ళే రోజు కూడా ఫోను చేసి ఖాయం చేసింది.

కీళ్ళ డాక్టరు నడివయసు ఆవిడ. సావధానంగా విని, విషయం ఇలా చెప్పింది. "మన ఒంట్లో రోగాలను తరిమే తెల్లకణాలుంటాయి. ఒక్కోసారి అవి దారితప్పి సొంత గ్రంథుల మీదే పడతాయి. ఉమ్మి తయారుచేసేవి, కన్నీళ్ళు తయారుచేసేవి. అవి మెల్లగా ఎండిపోతాయి. షోగ్రెన్ జబ్బు అంటాం. ఆడవాళ్ళలోనే ఎక్కువ, నలభై దాటాక ఎక్కువ. అదే అని ఇప్పుడే చెప్పను. షుగరు, కాలేయానికి పట్టే వైరసు, ఇలా నోరు ఎండబెట్టేవి వేరేవీ ఉన్నాయి. ముందు రక్తం చూద్దాం."

రక్తం ఇచ్చింది. షుగరు లేదు. వైరసు లేదు. ఆ జబ్బుకు గుర్తుగా రక్తంలో కనపడాల్సినవి కూడా లేవు.

కాగితం చూసి భర్త రెండు చేతులూ దులిపాడు. "చూశావా, ఏమీ లేదు. ఆ పిల్ల డాక్టరు కోడిగుడ్డు మీద ఈకలు పీకుతోంది. హాయిగా వచ్చే గురువారం పీకించేసుకో. ఒక్కసారి ఏడిస్తే వదిలిపోతుంది."

బొత్తాలక్క కూడా దాదాపు ఒప్పేసుకుంది. నిజం చెప్పాలంటే విసిగిపోయింది. ఆ కాగితం పట్టుకుని కీళ్ళ డాక్టరుకు చివరిసారిగా దణ్ణం పెట్టి వద్దామని వెళ్ళింది. ఆవిడ కాగితం చూసి తల ఊపింది, కానీ ఫైలు మూయలేదు.

"ముగ్గురిలో ఒకరికి రక్తంలో కనిపించదమ్మా. రక్తంలో లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. ఇంకో పరీక్ష ఉంది. కింది పెదవి లోపల చిన్న కోత పెట్టి, పూసలంత గ్రంథులు నాలుగైదు తీసి చూస్తారు."

"పెదవా?" బొత్తాలక్క చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "నేను గుండుసూదులు పట్టేది ఆ పెదవితోనండీ."

"రెండు కుట్లు పడతాయి. కొందరికి కొద్ది చోట తిమ్మిరి ఉండిపోతుంది. ఉండదని మాట ఇవ్వలేను."

కుట్లు అన్న మాట దగ్గర ఆమె కొంచెం కుదుటపడింది. కుట్లంటే ఆమెకు భయం లేదు. రెండు రోజులు ఆలోచించింది. ఒకవైపు పెదవిలో పూసంత చోటు, ఇంకోవైపు నోటి నిండా పళ్ళు. మూడో రోజు మాస్టారుతో చెప్పింది.

"ఇంకో రెండు రోజులు సెలవు కావాలి మాస్టారూ. ఈసారి నన్నే కుడతారంట."

"కుట్టు వంకరగా వేస్తే ఒప్పుకోకు, విప్పించెయ్" అన్నాడాయన. నవ్వించాలనే అన్నాడు గానీ కత్తెర మళ్ళీ చేతికి తీసుకోలేదు.

ఫలితానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ ఆమె బొత్తాలు కుడుతూనే ఉంది. దారాన్ని తడిపిన స్పాంజి ముక్క మీద లాగింది. చెయ్యి అలవాటుగా నోటి దాకా వెళ్ళి, మధ్యలో ఆగి, కిందికి దిగేది. పదకొండో రోజు కీళ్ళ డాక్టరు ఫైలు తెరిచి, ఆ గ్రంథుల చుట్టూ తెల్లకణాలు గుంపులు గుంపులుగా చేరి ఉన్నాయని చెప్పింది. ఇక సందేహం లేదు.

బొత్తాలక్క అడిగిన మొదటి మాట, "తగ్గుతుందా?"

"పూర్తిగా తగ్గదు. ఎండిపోయిన గ్రంథి మళ్ళీ పచ్చబడదు. మిగిలినదాన్ని పని చేయించే మాత్ర ఉంది, చెమట ఎక్కువ పడుతుంది, ఓర్చుకోవాలి. కీళ్ళకు వేరే మందు. ఆరు నెలలకోసారి నాకు కనపడాలి. దవడ కింద వాపు తగ్గకుండా పెరుగుతూ ఉంటే మాత్రం ఆరు నెలలు ఆగొద్దు, వెంటనే రావాలి. అరుదుగా అది క్యాన్సరు గడ్డగా మారొచ్చు."

"పళ్ళు?"

"పళ్ళు మీ చిన్న డాక్టరమ్మ చేతిలో ఉన్నాయి."

చిన్న డాక్టరమ్మ అయిదు పళ్ళను కాపాడలేకపోయింది. మిగిలినవి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ పూడ్చి, గట్టి ఫ్లోరైడు పేస్టు ఇచ్చి, మూడు నెలలకోసారి రమ్మంది. నిమ్మబిళ్ళల డబ్బా ఆమె ఎదురుగానే చెత్తబుట్టలో పడింది. దాని బదులు చక్కెర లేని గమ్ము నమలమంది. నడుం నొప్పి తగ్గి వచ్చిన పెద్ద డాక్టరు పక్కన నిలబడి అంతా చూశాడు. "అద్దం నా చేతిలో కూడా అంటుకునే ఉంటుందమ్మా. నేను పట్టించుకోలేదు" అన్నాడు. అంత మాట అనడం ఆ వయసులో అంత సులువు కాదు.

నాలుగు రోజుల తర్వాత భర్త మణికట్టుకు కట్టుకునే సూదుల దిండు ఒకటి తెచ్చి ఆమె పీట మీద పెట్టి వెళ్ళాడు. పెదవి లోపల చిన్న చోట తిమ్మిరి నిలిచిపోయింది. అక్కడ సూది పట్టుకుంటే తెలియదు. గుండుసూదులు నోట్లోంచి చేతికి దిగాయి. దారం కత్తెరతోనే తెంపాలి. ఆమె వేగం కొద్దిగా తగ్గింది. మాస్టారు దాని గురించి ఒక్క మాటా ఎత్తలేదు.

కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకూ ఆమె ఈ కథ చెప్పేది. బాగా చెప్పేది కూడా. అద్దం బుగ్గకు అంటుకోవడం, గొట్టంలో నురగ, పెదవి కోత, అన్నీ వేషాలు వేసి చూపించేది. చివరికి ప్రతిసారీ ఒకే ముక్తాయింపు. "గొంతు డాక్టరు చూశాడు, కళ్ళ డాక్టరు చూశాడు. రెండేళ్ళు తిరిగాను. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదమ్మా ఇది ఫలానా అయ్యుండొచ్చు, చూపించుకో అని. కళ్ళ డాక్టరైతే కాగితం పెట్టి కొలిచాడు కూడా. కళ్ళుండీ చూడలేదు." వినేవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. ఆ కళ్ళ డాక్టరును తిట్టేవాళ్ళు. అది ఆమెకు కాస్త ఊరటగా ఉండేది.

ఆరు నెలలకు ఒక ముసలాయన పాత కోటు పట్టుకొచ్చాడు. రెండు బొత్తాలు ఊడాయి. కొమ్ముతో చేసిన గోధుమ రంగు బొత్తాలు, ఇప్పుడు బజారులో దొరకవు.

"ఉండాలే" అంది బొత్తాలక్క. సొరుగు పూర్తిగా బయటికి లాగింది. ఆ కొట్టులో పాత బొత్తాలను జతల లెక్కన చేతికందిన కాగితంలో పొట్లం కట్టి పడేయడం అలవాటు. బిల్లు ముక్క, క్యాలెండరు ముక్క, ఏదైనా సరే. వెనక మూలన గోధుమ రంగు బొత్తాల పొట్లం దొరికింది. విప్పి నాలుగు బొత్తాలు అరచేతిలో పోసుకుంది. కాగితం ముడతలు సవరించి పక్కన పెట్టబోయి, ఆగింది.

కళ్ళ డాక్టరు పేరు పైన అచ్చు వేసి ఉంది. కింద ఆయన చేతిరాత. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. 'కన్నీరు తక్కువ. నోరు కూడా ఎండుతుంటే షోగ్రెన్ కావచ్చు. కీళ్ళ వైద్యుడికి చూపించి పరీక్ష చేయించగలరు.' కింద తేదీ. మొదటి పన్ను పెళుక్కుమనడానికి రెండు నెలల ముందు తేదీ.

పొట్లం కట్టింది ఆమే. ఆ మడత ఆమెది, మూడు మూలలు లోపలికి తోసి నాలుగోది దోపే మడత, ఆ కొట్టులో ఇంకెవరికీ చేతకాదు.

ఆమెకు ఏడుపు వచ్చింది. కళ్ళు మండాయి, ఛాతీ ఎగసిపడింది. కన్నీటి చుక్క మాత్రం రాలేదు. నాలుకతో నోట్లో ఖాళీ చోట్లు ఒక్కొక్కటే తడుముకుంది. అయిదు. ముసలాయన కోటు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయన బొత్తాలు కుట్టి పంపించింది.

మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చీటీ బల్ల మీద పెట్టి నిజం చెప్పేసింది. "ఆరు నెలలుగా మిమ్మల్ని ఊరంతా తిట్టించానండీ. ఇది నా సొరుగులో దొరికింది. బొత్తాలు కట్టాను ఇందులో."

ఆయన చీటీని తీసి చదివాడు. తన చేతిరాతను తనే కాసేపు చూశాడు.

"నేను రాశాను" అన్నాడు. "చెప్పలేదు కదా. ఇదేమిటో, ఎందుకో ఒక్క ముక్క చెప్పి ఉంటే మీరు బొత్తాలు కట్టేవారా?"

"ఏమో. కట్టేదాన్ని కాదేమో."

"ఇది నా దగ్గర ఉంచుకోనా?"

ఆమె సరేనంది. ఆయన దాన్ని బల్ల మీది అద్దం కింద, తనకు కనపడేలా దోపుకున్నాడు. కాగితం మీద గుండ్రటి బొత్తాల అచ్చులు ఇంకా ఉన్నాయి.

ఆ వారంలోనే చీర అంచు కుట్టించుకోవడానికి ఒకామె వచ్చింది. వచ్చిన దగ్గర నుంచి సీసాలో నీళ్ళు గుక్క గుక్కగా తాగుతూనే ఉంది. మధ్యలో కళ్ళు నులుముకుంది. బొత్తాలక్క సూది ఆపి ఆమె వైపు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఇలా?"

"నాలుగైదు నెలలైంది. ఏమీ లేదంటున్నారు. మీక్కూడా ఇలాగే ఉండేదట కదా? ఏ డాక్టరూ చెప్పలేదంట."

మాస్టారు కత్తెర ఆపాడు. ఆ ముక్తాయింపు ఆయనకు కంఠతా వచ్చు.

"ఒకాయన చెప్పాడు" అంది బొత్తాలక్క. "నేనే చదవలేదు." అని సొరుగులోంచి ఖాళీ కాగితం తీసి, దాని మీద పెద్ద అక్షరాలతో కీళ్ళ డాక్టరు చిరునామా రాసింది. రాసి చేతికివ్వలేదు. ముందు ఆమెను పీట మీద కూర్చోబెట్టి, అందులో ఏం రాసిందో, ఎందుకు రాసిందో, మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది.